58 పేజీల రిపోర్టు, 10 స్లైడ్లు, లైనుకి ఆరు మాటలు: నా అనుభవం

ఫిబ్రవరి 3, సోమవారం సాయంత్రం. ఇంటికి బయల్దేరబోతుంటే మా మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఆ ఫిర్యాదుల రిపోర్టు నువ్వే రాశావుగా, దాన్ని స్లైడ్లు చేసెయ్. 13న మీటింగ్. మనకిచ్చింది పదిహేను నిమిషాలే" అన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, "పది స్లైడ్లు దాటొద్దు. స్లైడుకి ఐదు లైన్లు, లైనుకి ఆరు మాటలు. అంతకు మించితే అక్కడ ఎవరూ చదవరు" అని చెప్పి వెళ్ళిపోయారు.

రిపోర్టు 58 పేజీలు. ఏడాది పాటు మా సర్వీసు విభాగానికి వచ్చిన ఫిర్యాదులు, ఒక్కోదాన్ని తీర్చడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది దాని సారాంశం. నేనే రాశాను కాబట్టి ఒక పూట పని అనుకున్నాను. చివరికి లెక్కేసుకుంటే ఇరవై మూడు గంటలు పట్టింది. అందులో స్లైడ్ల మీద మాటలు టైపు చేసిన సమయం రెండు గంటలు కూడా ఉండదు.

మంగళవారం పొద్దున మొదట ఒక అడ్డదారి తొక్కాను. వర్డ్‌లో `Send to Microsoft PowerPoint` అనే బటన్ ఒకటి ఉంది. మామూలుగా కనబడదు, `File > Options > Quick Access Toolbar` లోకి వెళ్ళి `All Commands` కింద వెతికి పైకి తెచ్చుకోవాలి. అది రిపోర్టులో `Heading 1` గా ఉన్నవాటిని స్లైడు శీర్షికలుగా, `Heading 2` గా ఉన్నవాటిని బుల్లెట్లుగా మార్చి పెడుతుంది. మామూలు పేరాలను ముట్టుకోదు. నొక్కాను. క్షణాల్లో తొమ్మిది స్లైడ్లు వచ్చాయి. పది లోపే! ఒక్క లైను కూడా ఆరు మాటలు దాటలేదు. పని అయిపోయిందని నిజంగానే అనుకున్నాను.

తర్వాత చదివి చూసుకున్నాను. "నేపథ్యం", "విశ్లేషణ విధానం", "ప్రాంతాల వారీగా ఫిర్యాదుల సరళి", "ఆలస్యానికి కారణాలు". మేనేజర్ పెట్టిన నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన స్లైడ్లవి, కానీ వాటిలో ఒక్క సంగతీ లేదు. ఆలస్యానికి కారణాలు అని ఉంది, ఏమిటా కారణాలో లేదు. రిపోర్టులో శీర్షిక ఉండేది కింద ఏముందో చూపించడానికి. స్లైడు మీద ఆ "కింద" అనేదే లేదు. తొమ్మిదింటినీ చెరిపేశాను.

రెండో ప్రయత్నం, అందరూ చేసేదే. ప్రింటు తీసి పసుపు రంగు పెన్నుతో ముఖ్యమైనవి గీయడం. మధ్యాహ్నానికి ఇరవై పేజీలు దాటాను. వెనక్కి తిప్పి చూస్తే పేజీకి సగం పసుపే. సొంతంగా రాసుకున్న రిపోర్టుతో వచ్చే చిక్కు ఇదే. ప్రతి వాక్యం ఎందుకు పెట్టామో మనకు గుర్తుంటుంది, అందుకే దేన్నీ వదలబుద్ధి కాదు. ఒక్కో పట్టిక వెనక రెండు రోజుల కష్టం కనిపిస్తుంది. చూసేవాళ్ళకు ఆ కష్టంతో పని లేదని తెలుసు, అయినా చెయ్యి ఆగదు.

ఆ సాయంత్రం రిపోర్టు మూసి సొరుగులో పెట్టేశాను. తెల్ల కాగితం తీసుకుని, లిఫ్టులో ఎవరైనా "ఆ రిపోర్టులో ఏం తేలింది?" అని అడిగితే ఏం చెబుతానో, నోటితో చెప్పే మాటల్లోనే రాసుకున్నాను. తొమ్మిది వాక్యాలు వచ్చాయి, ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత రిపోర్టు మళ్ళీ తెరిచి ఒక్కో వాక్యాన్నీ పేజీలతో సరిచూశాను. రెండు తప్పు. ఒకదాంట్లో రెండు ప్రాంతాల అంకెలు తారుమారు చేశాను. ఇంకొకటి రిపోర్టులో "అంచనా" అని ఉంటే నేను జరిగిపోయినట్టే రాశాను. నేనే రాసిన రిపోర్టు నాకే అలా గుర్తుండిపోయిందన్నమాట. ఒక్కో వాక్యం పక్కన అది ఏ పేజీ నుంచి వచ్చిందో పెన్సిల్‌తో వేసుకున్నాను. అప్పుడు అలవాటుగా చేసిన ఆ చిన్న పని మీటింగులో నన్ను కాపాడింది.

ఆ తొమ్మిది వాక్యాలే తొమ్మిది స్లైడ్లు. పదోది మేం అడగాల్సింది అడగడానికి.

బుధ, గురువారాలు కోత. ఆరు మాటల నియమం తెలుగులో చేసే అల్లరి ఇక్కడ మొదలైంది. మన భాషలో మాటకు మాట అతుక్కుపోతుంది. "పరిష్కరించలేకపోయినవాటిలో" అన్నది లెక్కకు ఒక్క మాటే, కానీ స్లైడు మీద సగం లైను మింగేస్తుంది. లెక్క కుదరడం కోసం నేనూ మొదట్లో రెండు మూడు మాటలు కలిపేసి ఒకటిగా చూపించుకున్నాను. ఎవరిని మోసం చేస్తున్నానో నాకే తెలియదు! తర్వాత మాటల లెక్క పక్కన పెట్టి ఇంకో కొలత పెట్టుకున్నాను. మా టెంప్లేట్‌లో 28 సైజు అక్షరాలతో లైను రెండో వరుసలోకి జారకూడదు. ముప్పై అక్షరాలు దాటితే జారుతోంది. ఆ హద్దులో ఉన్నంతవరకు మాటలు ఐదైనా ఏడైనా పట్టించుకోలేదు. మేనేజర్ కూడా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆఫీసు తెలుగులో కొవ్వు బాగా ఉంటుంది కాబట్టి మొదటి కోత తేలిగ్గానే సాగింది. "పరిశీలించడం జరిగింది" అంటే చూశాం. "తగు చర్యలు చేపట్టవలసిన ఆవశ్యకత ఉన్నది" అంటే చేయాలి. "మరియు"లన్నీ పోయాయి. ఇలా బుధవారం మధ్యాహ్నానికే చాలా లైన్లు పది మాటల లోపుకి వచ్చాయి. పది నుంచి ఆరుకు దించడానికే ఒకటిన్నర రోజు పట్టింది.

అక్కడే పెద్ద తప్పు చేశాను. పేపర్ల హెడ్డింగుల్లో క్రియలు ఉండవు కదా అని, అన్ని లైన్ల చివర ఉన్న క్రియల్ని ఒకే ఊపులో తీసేశాను. ఉంది, జరిగింది, కనిపించింది, ఇలాంటివే ఎక్కువ. అవి పోతే నష్టమేమీ లేదు. కానీ తెలుగులో "కాదు", "లేదు", "వచ్చు", "అట" వంటివన్నీ ఆ క్రియ తోకలోనే ఉంటాయి. తోక కోస్తే వాక్యం బతికే ఉంటుంది, అర్థం మాత్రం తిరగబడుతుంది. ఇది నాకు సోమవారం దాకా తెలియలేదు.

శుక్రవారం ఇంకో గొడవ. ఒక స్లైడులో ఐదు లైన్లు చక్కగా పట్టాయి, పక్క స్లైడులో ఆరు లైన్లు కూడా పట్టేశాయి. ఎలా పట్టాయా అని చూస్తే, పవర్‌పాయింట్ చడీచప్పుడు లేకుండా అక్షరాల సైజు తగ్గించేసింది. `Shrink text on overflow` అనే సెట్టింగ్ చేసే పని అది. పెట్టె నిండగానే అక్షరాలను కుదిస్తుంది, లైన్ల మధ్య దూరాన్నీ తగ్గిస్తుంది. మామూలు టెంప్లేట్‌లో ఆ దూరం ముందే 0.9 ఉంటుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుందేమో. తెలుగులో పై లైనులో "పరిష్కారం" అనే మాటలో ష కింద వేలాడే క వత్తు, కింది లైనులో "విడి" మీదున్న గుడిలోకి దిగిపోయింది. దగ్గరగా కూర్చుని చూస్తే తెలియలేదు. గది చివరికి వెళ్ళి చూస్తే రెండు లైన్ల మధ్య నల్లటి మరకలా కనబడింది. పెట్టె మీద కుడి క్లిక్ చేసి `Format Shape` లో `Do not Autofit` పెట్టాను, లైన్ల దూరం 1.1 చేశాను. వెంటనే నాలుగు స్లైడ్లలో లైన్లు కింది అంచు దాటి బయటికొచ్చాయి. దాంతో ఎక్కడ ఎక్కువ రాశానో అదే చూపించింది. అప్పటిదాకా సైజు తగ్గుతూ ఆ ఎక్కువను దాచిపెట్టింది. ఆ నాలుగింటికి మళ్ళీ కోత, శనివారం పొద్దుటిదాకా.

10వ తేదీ సోమవారం. మా పక్క సెక్షన్‌లో ఒకావిడ ఉన్నారు. రిపోర్టు గురించి ఆవిడకేమీ తెలియదు, ఈ పనికి కావాల్సింది సరిగ్గా అదే. "మేడమ్, ఒక పది నిమిషాలు. నేనేమీ మాట్లాడను. ఒక్కో స్లైడు చూసి మీకేం అర్థమైందో చెప్పండి చాలు" అని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాను.

నాలుగో స్లైడు దగ్గర ఆవిడ, "ఓ, విడిభాగాల విషయంలో కూడా మార్పు తెచ్చారన్నమాట, మంచిదేగా" అన్నారు. నాకు ఒక్కసారిగా చెమట పట్టింది. రిపోర్టులో ఉన్న వాక్యం ఇది: "పరిష్కారానికి పట్టే సగటు సమయం 9 రోజుల నుంచి 6 రోజులకు తగ్గినప్పటికీ, విడిభాగాలు అవసరమైన ఫిర్యాదుల పరిష్కార సమయంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, ఇవి మొత్తం ఫిర్యాదుల్లో దాదాపు నాలుగో వంతు." దాన్ని నేను రెండు లైన్లు చేశాను. "సగటు సమయం: 9 నుంచి 6 రోజులు" అని ఒకటి, "విడిభాగాల ఫిర్యాదుల పరిష్కార సమయంలో మార్పు" అని రెండోది. "కనిపించలేదు" అన్న క్రియ మిగతా క్రియలతో పాటే బుధవారం కొట్టుకుపోయింది. మొత్తం రిపోర్టులో మేం చెప్పదలుచుకున్న అసలు సంగతే అది.

అక్కడికక్కడే మార్చాను, "విడిభాగాలు కావాల్సినవి: ఇంకా 14 రోజులు" అని. ఆవిడ చూసి, "అంటే ఇప్పటినుంచి ఇంకో పద్నాలుగు రోజులు పడుతుందా?" అని అడిగారు. ఇంకా అన్న మాటకు ఆ అర్థం కూడా ఉందని అప్పుడు తట్టింది. "ఇప్పటికీ 14 రోజులే" అని రాశాను. ఈసారి పద్నాలుగే కదా, తక్కువే అన్నట్టుంది. ఒక్క "ఏ" తోక చేసే పని అది! పేరాలో అయితే ముందూ వెనకా ఉన్న వాక్యాలు అర్థాన్ని పట్టుకుంటాయి. నాలుగు మాటల లైనుకు ఆ దన్ను ఉండదు.

ఆ రాత్రి ఆ ఒక్క స్లైడు మీదే రెండు గంటలు కూర్చున్నాను. రిపోర్టు 31వ పేజీలో పట్టిక చూస్తే ఇంకో సంగతి కూడా బయటపడింది. విడిభాగాలు అక్కర్లేని ఫిర్యాదులు 7.3 రోజుల నుంచి 3.3కి వచ్చాయి. విడిభాగాలు కావాల్సినవి అప్పుడూ ఇప్పుడూ 14 దగ్గరే ఉన్నాయి. 9 నుంచి 6 అన్న సగటు ఈ రెండింటినీ కలిపి అసలు తేడాను కప్పేస్తోంది. చివరికి స్లైడు శీర్షిక "విడిభాగాలు కావాలంటే ఇప్పటికీ అంతే ఆలస్యం" అయింది. కింద "అన్నీ కలిపి సగటు: 9 నుంచి 6". తర్వాత "విడిభాగాలు అక్కర్లేనివి: 7.3 నుంచి 3.3". తర్వాత "విడిభాగాలు కావాల్సినవి: అప్పుడు 14, ఇప్పుడూ 14". చివర "ఇలాంటివి దాదాపు నాలుగో వంతు". అంకెలన్నీ రోజుల్లో అని పై మూలన చిన్నగా ఒకసారి రాశాను. దాంతో ప్రతి లైనులో "రోజులు" అన్న మాట రాయక్కర్లేకపోయింది.

తర్వాత అన్ని స్లైడ్లనూ తీసేసిన క్రియల కోసం మళ్ళీ వెతికాను. ఇంకోటి దొరికింది. "విడిభాగాలు ముందే నిల్వ ఉంచుకుంటే సగటు 4 రోజులకు దగ్గరగా రావచ్చని అంచనా" అన్నది నా స్లైడులో "సగటు 4 రోజులకు తగ్గుదల" అయి కూర్చుంది. నిల్వ ఉంచుకుంటే అన్న షరతూ లేదు, అంచనా అన్న మాటా లేదు. దాన్ని "నిల్వ ఉంచితే: 4 దాకా (అంచనా)" చేశాను. అప్పటినుంచి "లేదు", "అయితే", "దాదాపు", "కనీసం", "అంచనా" అన్న ఐదు మాటలను కోత నుంచి తప్పించాను. చోటు చాలకపోతే ఇంకేదైనా పోవాలి గానీ అవి పోకూడదు.

ఈ సంగతి చెబితే మా దగ్గర పనిచేసే పెద్ద ఇంజినీరు గారు కొలంబియా వ్యోమనౌక మాట ఎత్తారు. 2003లో అది కూలిపోయాక వేసిన విచారణ సంఘం, అంతకుముందు ఇంజినీర్లు చూపించిన ఒక స్లైడును కూడా తప్పుబట్టిందట. "చూసి చదువు" అంటే చదివాను. పైకి ఎగిరేటప్పుడు ట్యాంకు నుంచి ఊడి రెక్కకు తగిలిన నురుగు ముక్క పరిమాణం అప్పటి అంచనా ప్రకారం 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే మన దగ్గరున్న పరీక్షల లెక్కలు దీనికి పనికిరావు అని. ఆ మాట స్లైడులో అన్నిటికంటే కింద, చిన్న బుల్లెట్లలో ఉంది. పైన శీర్షిక మాత్రం ధైర్యం చెబుతున్నట్టుంది. మా ఫిర్యాదుల రిపోర్టుకూ దానికీ పోలిక లేదు గానీ, నాలుగో స్లైడు శీర్షికలోకి విడిభాగాల మాట ఎక్కడానికి కారణం అదే. అంతకుముందు ఆ శీర్షిక "పరిష్కార సమయం తగ్గింది" అని ఉండేది.

11న ఫైలు మేనేజర్‌కు పంపాను. రోజున్నర దాకా జవాబు లేదు. ఈలోగా ఒకటే టెన్షన్. 12న మధ్యాహ్నం పిలిచి, "బాగానే ఉంది గానీ మరీ బోసిగా ఉందే. డేటా ఎలా సేకరించామో ఒక్క ముక్కా లేదు" అన్నారు. లైనుకు ఆరు మాటలే అన్నది ఆయనే! ఆ మాట బయటికి అనలేదు. "సార్, అది చివర్లో విడిగా ఒక స్లైడులో పెడతాను, ఎవరైనా అడిగితే చూపిద్దాం. నేను చెప్పాల్సింది కింద నోట్స్‌లో ఉంది" అన్నాను. నోట్స్ చూపించాక మెత్తబడ్డారు. స్లైడు మీద నుంచి తీసేసిన ప్రతి పేరా సారాన్నీ, పేజీ నంబరునూ స్లైడు కింద నోట్స్‌లో రాసిపెట్టాను. అలా ఎక్కడికో ఒకచోటికి వెళ్తున్నాయి కదా అన్న ధైర్యం లేకపోతే నా చేత్తో అన్ని కోతలు కోయగలిగేవాణ్ణి కాదు.

అదే సాయంత్రం మీటింగ్ హాలు కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూశాను. మంచి పనే చేశాను. నేను వాడిన మండలి ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేదు. అక్షరాలు డబ్బాల్లాగా ఏమీ కాలేదు, దాని బదులు ఇంకో తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంది, అంతే. కానీ దాని అక్షరాలు వెడల్పు. ముప్పై అక్షరాల లెక్కతో కోసుకున్న లైన్లలో ఏడు రెండో వరుసలోకి జారాయి. కొన్నిచోట్ల ఒక్క మాట కింద ఒంటరిగా వేలాడుతోంది. నా సీటుకు తిరిగి వెళ్ళి `File > Options > Save` లో `Embed fonts in the file` టిక్ పెట్టి మళ్ళీ సేవ్ చేసి తెచ్చాను. ఫైలు సైజు కొంచెం పెరిగింది, లైన్లు యథాస్థానానికి వచ్చాయి.

13, గురువారం. మాది పదకొండింటికి అన్నారు, పన్నెండున్నరకు పిలిచారు. పదిహేను నిమిషాలు కాస్తా పన్నెండయ్యాయి. నాలుగో స్లైడు వేయగానే గదిలో ఇద్దరు ఒకేసారి, "పద్నాలుగు అక్కడే ఎందుకుంది?" అన్నారు. నాలుగు నిమిషాలు దాని మీదే మాట్లాడాం. మిగతా ఆరు స్లైడ్లు గబగబా తిప్పేశాను. ఒకాయన "ఈ 7.3 ఎక్కడిది?" అని అడిగితే నోట్స్ చూసి "31వ పేజీ, రెండో పట్టిక సార్" అన్నాను. ఆయన రిపోర్టు తిప్పి చూసి తల ఊపారు. డేటా సేకరణ స్లైడు ఎవరూ అడగలేదు.

అయిపోయిందనుకుంటే సాయంత్రం మెయిల్ వచ్చింది, మీటింగుకు రాలేనివాళ్ళకు స్లైడ్లు పంపమని. నేను పక్కన లేకుండా ఆ స్లైడ్లు చదివితే సగం అర్థం కాదు. మాట్లాడడానికి చేసినవి కదా. నోట్స్ కూడా కనబడేలా `Notes pages` గా పీడీఎఫ్ చేసి పంపాను. పైన స్లైడు, కింద వివరం. ఇది ముందే తెలిసుంటే నోట్స్ ఇంకాస్త శుభ్రంగా రాసుండేవాణ్ణి. నాకు మాత్రమే అర్థమయ్యే పొట్టి మాటలు చాలా ఉన్నాయి, వాటిని సరిచేయడానికి ఇంకో గంటన్నర పట్టింది.

శుక్రవారం పొద్దున రానివాళ్ళలో ఒకరి నుంచి జవాబు వచ్చింది. "నాలుగో వంతు అన్నారు. ఖచ్చితంగా ఎన్ని ఫిర్యాదులు?" 1,640లో 412. ఆ అంకె రిపోర్టులో ఉంది, నా మొదటి కాగితం మీద కూడా ఉంది. బుధవారం లైను జారిపోతోందని నేనే తీసేశాను, నోట్స్‌లో వేయడం మర్చిపోయాను.